జుట్టు ఉంగరాలు విప్పిన ఆరు రోజులు: ఒక రిసెప్షన్ ఫోటో డైరీ

మొదటి రోజు

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా, ఆరుబయట జరిగిన రిసెప్షన్ ఫోటో ఇది. పెళ్లికూతురు ఆ ఉదయం పార్లర్‌లో జుట్టు సాపు చేయించుకుంది. సాయంత్రం ఏడు గంటలకు కెమెరా ముందు నిలబడేసరికి సగం జుట్టు మళ్లీ ఉంగరాలు తిరిగింది, మిగతా సగం రేగిపోయింది. ఇందులో పార్లర్ వాళ్ల తప్పేమీ లేదు. వేడితో సాగదీసినప్పుడు వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలు తాత్కాలికంగా కొత్త ఆకారంలో కుదురుకుంటాయి. తేమ తగిలితే ఆ బంధాలు విడిపోతాయి, పుట్టుకతో వచ్చిన వంపు తిరిగి వస్తుంది. సముద్రపు గాలికి ఒక పూట చాలు.

ఫోటోలు సరిదిద్దడం నా పని. ఫోటోలో ఉంగరాల జుట్టును సాపు చేయమని వచ్చే పనులను నేను అంత ఇష్టంగా తీసుకోను. చాలాసార్లు అడిగేది ఫోటోలోని మనిషి కాదు, పక్కనున్న బంధువులు. ఈసారి ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "నన్ను ఇంకొకరిలా చేయొద్దండీ. పొద్దున ఎలా ఉందో అలా వస్తే చాలు" అని చెప్పి, వాళ్ల చెల్లెలు పార్లర్‌లో ఫోనుతో తీసిన ఫోటో పంపింది.

ఆ ఫోను ఫోటో లేకపోతే ఈ పని ఊహ మీద నడిచేది. సాపు చేసిన ఈమె జుట్టు నిజంగా ఎలా వాలుతుందో అందులో కనిపిస్తోంది. పాపిట దగ్గర వెంట్రుక పుట్టగానే పక్కకు పడిపోవడం లేదు. ముందు కొంచెం పైకి లేచి, ఆ తర్వాతే వాలుతోంది. చెవి కిందికి వచ్చేసరికి పాయలు విడివిడిగా కనిపిస్తున్నాయి. చివర్లలో లోపలికి చిన్న వంపు ఉంది. అంటే ఉదయం కూడా ఈ జుట్టు గీత గీసినట్టు లేదు. నేను చేరుకోవలసింది అక్కడికే.

పని మొదలుపెట్టే ముందు చిన్న లెక్క వేసుకున్నాను. ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 6000 పిక్సెళ్ల ఎత్తు. తల పై నుంచి ఛాతీ దాకా ఫ్రేములో ఉన్నది దాదాపు 60 సెంటీమీటర్లు. సెంటీమీటరుకు 100 పిక్సెళ్లు, మిల్లీమీటరుకు 10. తల వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటరు. కాబట్టి ఈ ఫోటోలో ఒక్క వెంట్రుక పూర్తిగా ఒక పిక్సెల్ కూడా ఉండదు. మనకు "వెంట్రుకలు"గా కనిపించేవి చాలావరకు పది, ఇరవై వెంట్రుకలు కలిసిన సన్నని పోగులు. ఈ లెక్క వేయని రోజుల్లో నేను 5 పిక్సెళ్ల బ్రష్‌తో విడి వెంట్రుకలు గీసేవాణ్ణి, అవి కొబ్బరి పీచులా కనిపించేవి. తప్పెక్కడుందో చాలా కాలం అర్థం కాలేదు.

రెండో రోజు

తెలిసి కూడా దగ్గరి దారిలో వెళ్లి చూశాను. Photoshopలో ఫోటో మొత్తాన్ని, అసలు చెడకుండా మార్చగలిగే స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి, ఆకారాలను నెట్టి మార్చే Liquify తెరిచి, 900 పిక్సెళ్ల బ్రష్‌తో రెండు పక్కలా ఉబ్బిన జుట్టును లోపలికి నెట్టాను. ఇరవై నిమిషాల్లో అంచు చక్కగా దిగింది. చూస్తే మూడు దోషాలు కనిపించాయి.

ఒకటి, వెనక ఉన్న సీరియల్ దీపాలు. ఫోకస్‌లో లేక అవి గుండ్రటి వెలుగు బిళ్లలుగా పడ్డాయి. జుట్టుతో పాటు అవీ జరిగి కోడిగుడ్ల ఆకారంలోకి మారాయి. జుట్టు సంగతి తెలియనివాళ్లు కూడా దీపాలు చూసి దొంగతనం పట్టేస్తారు.

రెండోది తల చిన్నబోవడం. గడ్డం నుంచి కంటి గీత దాకా కొలిస్తే 1,150 పిక్సెళ్లు ఉంది. పెద్దవాళ్ల తలలో కళ్లు ఇంచుమించు మధ్యలో ఉంటాయి కాబట్టి కంటి గీత నుంచి పుర్రె పైభాగం దాకా మరో 1,150 ఉండాలి. దాని మీద జుట్టు మందం వేరు. నేను నెట్టిన నెట్టుడుకు పుర్రె మీద 40 పిక్సెళ్లే మిగిలింది, అంటే అర సెంటీమీటరు కూడా లేదు. నూనె పెట్టి బిగించి జడ వేసినట్టుంది. ఫోను ఫోటోలో అదే చోట కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తు ఉంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది, మిగతా నాలుగు రోజుల పనిని నిర్ణయించింది అదే. అంచు సాపుగా ఉన్నా లోపలి జుట్టు ఇంకా ఉంగరాలుగానే కనిపిస్తోంది. ఎందుకా అని దగ్గరికి వెళ్లి చూస్తే, వంపు తిరిగిన ప్రతి చోటా ఒక వెలుగు చుక్క, దాని కింద ఒక నీడ, మళ్లీ చుక్క, మళ్లీ నీడ. ఉంగరం దీపానికి ఎదురు తిరిగిన చోటల్లా మెరుస్తుంది, పక్కకు తిరిగిన చోట చీకటి పడుతుంది. సాపు జుట్టులో పక్కపక్క వెంట్రుకలన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి కాబట్టి ఆ మెరుపులు కలిసి, తల చుట్టూ అడ్డంగా ఒక పట్టీలా కనిపిస్తాయి. నేను ఆకారాన్ని మార్చాను, వెలుగును మార్చలేదు. కన్ను ఆకారం కన్నా వెలుగునే ఎక్కువ నమ్ముతుంది.

మొత్తం చెరిపేశాను. మధ్యాహ్నం నుంచి వెనక భాగం పని. జుట్టు లోపలికి జరిగితే బయటపడే జాగా రెండు పక్కలా సుమారు 300 పిక్సెళ్ల వెడల్పున ఉంటుంది. అక్కడ ఏముందో కెమెరా చూడలేదు, నేనే కట్టాలి. వెలుగు బిళ్లలను అవతలి వైపు నుంచి క్లోన్ చేసి, అంటే నకలు తెచ్చి, జుట్టు లేని వెనక భాగాన్ని వేరే లేయర్‌గా, అంటే విడి పొరగా తయారు చేసుకున్నాను. కొత్తగా కట్టిన చోట కెమెరా గరుకుదనం లేక అతుకు వేసినట్టు నున్నగా కనిపించింది. Add Noise తో 2 శాతం గరుకు కలిపాక చుట్టుపక్కలతో కలిసిపోయింది. ఇక దీపాల జోలికి వెళ్లకుండా జుట్టును మాత్రమే కదపవచ్చు.

మూడో రోజు

ఈ రోజంతా పాయలతోనే గడిచింది.

ముందు ఖాళీ లేయర్ మీద ఎర్రటి గీతలతో జుట్టు నడవవలసిన దారులు గీసుకున్నాను. ప్రతి గీత పాపిట దగ్గర మొదలై, 100 పిక్సెళ్ల మేర కొంచెం పైకి లేచి, తల గుండ్రాన్ని అనుసరించి, చెవి దాటాక భుజం వైపు దిగుతుంది. ఆ మొదటి 100 పిక్సెళ్ల లేవడంలోనే సాపు జుట్టు నిండుదనమంతా ఉంది. పక్కల ఉబ్బు తగ్గించినా ఫరవాలేదు, కుదుళ్ల దగ్గర లేచిన ఎత్తు మాత్రం తగ్గకూడదు. గీతలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. అందుకని అక్కడక్కడ ఒక పాయ పక్కదాని మీదుగా దాటేలా గీశాను. ఫోను ఫోటోలో ఎడమ చెవి కింద అలా రెండు చోట్ల దాటింది, వాటినే తీసుకున్నాను.

తర్వాత పొడవు సంగతి. ఉంగరం విప్పితే జుట్టు కిందికి దిగుతుంది, ఇది మరిచిపోతే పాయ ఎక్కడికి పోయిందని చూసేవాళ్లకు అనుమానం వస్తుంది. ఎంత దిగుతుందో తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్న నూలు దారం తెచ్చి, తెర మీద ఒక పాయ వంపుల వెంట వేలితో అదిమి పెట్టి, తీసి స్కేలు మీద పెట్టాను. 31 సెంటీమీటర్లు. అదే పాయ మొదలు నుంచి చివరకు తిన్నగా కొలిస్తే 24. మా ఇంట్లోవాళ్లు నవ్వారు గానీ ఇంతకన్నా త్వరగా తేలే పద్ధతి నాకు తోచలేదు. పూర్తిగా విప్పితే పాయ దాదాపు మూడో వంతు పొడుగవుతుంది. చివర్లలో లోపలి వంపు ఉంచుతున్నాను కాబట్టి ఐదో వంతు దించితే సరిపోతుందని అనుకున్నాను. జుట్టు ఛాతీ మీదికి, చీర అంచు దాకా వస్తుంది.

ఇక అసలు పని. జుట్టును తొమ్మిది పాయలుగా విడదీశాను. ఒక్కో పాయను చుట్టూ గీసి ఎంచుకునే లాసోతో, అంచు మెత్తబడేలా 15 పిక్సెళ్ల ఫెదర్‌తో ఎంచుకుని, వేరే లేయర్ మీదికి తెచ్చి, స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి, పిన్నులు గుచ్చి ఆకారం లాగే Puppet Warp పెట్టాను. మెడ వెనక ఉన్న పాయలను ముందుగా, ముఖానికి దగ్గరగా ఉన్నవాటిని చివరగా చేశాను. కుదురు దగ్గర రెండు పిన్నులు పక్కపక్కనే గుచ్చితే అక్కడ కదలదు. ఆ తర్వాత వంపు వచ్చిన ప్రతి చోటా ఒకటి. పిన్నులను ఎర్ర గీత మీదికి లాగుతూ వచ్చాను. వంపును ఒక్కసారిగా తిన్నగా లాగితే పాయ రబ్బరులా సన్నబడుతుంది. కింది పిన్ను నుంచి పైకి, కొంచెం కొంచెంగా లాగితేనే మందం నిలిచింది.

ఐదో పాయలో ఒక సంగతి బాగా కనిపించింది. ఉంగరానికి లోపలి వైపు చిన్నది, బయటి వైపు పెద్దది. విప్పినప్పుడు లోపలి వైపు సాగుతుంది, బయటి వైపు కుదించుకుపోతుంది. సాగిన చోట పోగులు మసకబారి, నీళ్లలో తడిపిన కాగితంలా తయారయ్యాయి. కుదించుకున్న చోట ముడతలు పడ్డట్టు దగ్గరైపోయాయి. 100 శాతం జూములో తప్ప ఇది తెలియదు, కానీ ఆల్బంలో పెద్దగా ముద్రిస్తే తెలిసిపోతుంది. సాగిన చోట్లను అదే పాయలో కుదుళ్ల దగ్గరి సాపైన భాగం నుంచి క్లోన్ చేసి కప్పాను. కొత్త పోగు దిక్కు పాత పోగు దిక్కుతో కలవాలి. అందుకు క్లోన్ సోర్స్ ప్యానెల్‌లో కోణం తిప్పుకుంటూ వెళ్లాను. 12 డిగ్రీలు, 20 డిగ్రీలు, ఒక చోట 35. రాత్రి పదకొండు దాకా ఇదే.

చెవి విషయంలో ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. ఫోను ఫోటోలో జుట్టు చెవి వెనక్కి దోపి ఉంది, రిసెప్షన్ ఫోటోలో చెవి పూర్తిగా కప్పి ఉంది. కింద బుట్టలు అర అంగుళం మాత్రమే కనిపిస్తున్నాయి. లేని చెవిని, లేని నగను నేను కల్పించను. పాయను చెవి మీదుగానే దింపాను.

నాలుగో రోజు

ఈ రోజు వెలుగు. ఆకారం ఎర్ర గీతల మీద కూర్చుంది కానీ చుక్కలు అలాగే ఉన్నాయి. తొమ్మిది పాయలూ గీతల్లా నిలబడి, ఒక్కో దాని మీద ముత్యాల దండలా మెరుపులు. చూడటానికి వింతగా ఉంది.

పాయలన్నిటినీ కలిపి రెండు లేయర్లుగా విడగొట్టాను. కిందిదాంట్లో రంగు, వెలుగు నీడలు. పైదాంట్లో పోగుల గీతలు. కింది లేయర్‌కు 12 పిక్సెళ్ల Gaussian Blur, అంటే మసక. పై లేయర్‌లో ఆ మసకను తీసేసి పోగులనే మిగల్చడానికి Apply Image తెరిచి, కింది లేయర్‌ను మూలంగా తీసుకుని, ఫైలు 8 బిట్ కాబట్టి Subtract, Scale 2, Offset 128, ఆపైన బ్లెండ్ మోడ్ Linear Light. ఈ 12 అనే అంకె ఊరికే వేసింది కాదు. పోగులు 8 పిక్సెళ్లకు మించవు, వెలుగు చుక్కలు 60 నుంచి 80 పిక్సెళ్లు ఉన్నాయి. ఈ రెండింటి మధ్య ఎక్కడో గీత గీస్తే పోగులు పైన, చుక్కలు కింద ఉండిపోతాయి. చర్మం పనిలో వాడే అంకెలను తెచ్చి జుట్టుకు వాడితే ఈ విభజన కుదరదు.

కింది లేయర్ మీద మామూలు బ్లర్ వేస్తే చుక్కలు అన్ని దిక్కులకూ పాకి, పాయకూ పాయకూ మధ్య ఉన్న చీకటిని మింగేస్తాయి. ఆ చీకటి పోతే జుట్టు ఒకే గుడ్డ ముక్కలా కనిపిస్తుంది. అందుకని బ్లర్ గ్యాలరీలోని Path Blur వాడాను. అందులో గీసిన దారి వెంట మాత్రమే మసక పాకుతుంది. ఎర్ర గీతలను చూస్తూ ఒక్కో పాయకు ఒక్కో దారి గీసి, పాయ హద్దు దాటకుండా మాస్క్ వేశాను. చుక్కలు పొడవునా సాగి ఒకదానితో ఒకటి కలిశాయి, పాయల మధ్య చీకటి చెక్కుచెదరలేదు. ఈ ఆరు రోజుల్లో నాకు నిజంగా సంతోషం కలిగించిన ఘడియ ఇదే. ముత్యాల దండలు పోయి ఒక్కసారిగా జుట్టు తిన్నగా కనిపించింది.

తిన్నగా కనిపించింది గానీ జీవం లేదు. మెరుపంతా పాయ పొడవునా సమానంగా పంచబడింది కదా, ఎక్కడా మెరుపు పట్టీ లేదు. ముఖం మీద వెలుగు ఎడమ పై నుంచి పడుతోంది. కళ్లలోని దీపపు మెరుపు పదకొండు గంటల స్థానంలో ఉంది. కాబట్టి తల గుండ్రంలో దానికి ఎదురుగా ఉన్న చోట, పాపిటకు ఎడమన, నుదుటి పైభాగం ఎత్తులో పట్టీ రావాలి. 50 శాతం బూడిద రంగు నింపిన Soft Light లేయర్ మీద, మెత్తని తెల్ల బ్రష్‌ను 4 శాతం ఫ్లోతో తిప్పాను. పట్టీ అడ్డంగా వెళ్తుంది, కానీ బ్రష్ మాత్రం నిలువుగా, పాయ దిక్కులోనే కదలాలి. అడ్డంగా రాస్తే తలకు రిబ్బను కట్టినట్టు ఉంటుంది. ఒక పాయలో మెరుపు కొంచెం పైన, పక్క పాయలో వేలెడు కిందుగా, మూడోదాంట్లో సగమే. కుడివైపు నీడలో ఉంది, అక్కడ దాదాపు ఏమీ వేయలేదు.

ఐదో రోజు

రేగిన వెంట్రుకలు. దీపాలు వెనక ఉండటం వల్ల అంచు మీది ప్రతి విడి వెంట్రుకా బంగారు తీగలా వెలుగుతోంది. ముదురు వెనక భాగం మీద మెరిసే వెంట్రుకలు కాబట్టి క్లోన్ స్టాంప్‌ను Darken మోడ్‌లో పెడితే, నమూనా కన్నా ప్రకాశంగా ఉన్న వెంట్రుకలు మాత్రమే పోతాయి, మిగతాది అలాగే ఉంటుంది. అరగంటలో అంచు శుభ్రమైంది.

మరీ శుభ్రమైంది. కత్తిరించి అతికించిన బొమ్మలా ఉంది. ఇది ప్రతిసారీ జరుగుతుంది, ప్రతిసారీ చేతులు ఆగవు. విడి వెంట్రుకలు కొన్ని తిరిగి వేయాలి. పెన్ను ఒత్తిడికి సన్నబడే 2 పిక్సెళ్ల బ్రష్, 40 శాతం ఒపాసిటీ. గీసే ముందు జుట్టు నుంచే రంగు తీసుకుని, వెనక దీపం ఉన్న చోట మాత్రం మెరిసే బంగారు రంగు. వెంట్రుక గాలిలో మొదలవకూడదు. పాయ లోపల, కనీసం 200 పిక్సెళ్ల వెనక నుంచి పుట్టి, పాయ దిక్కులోనే కొంత నడిచి, ఆ తర్వాత విడిపోవాలి. ఎడమన ఇరవై దాకా, కుడిన పన్నెండు, పాపిట మీద చిన్నవి ఆరేడు. నుదుటి మీది ముంగురులను అసలు ముట్టుకోలేదు. అక్కడి పొట్టి వెంట్రుకలు ఫోను ఫోటోలో కూడా వంపు తిరిగే ఉన్నాయి, వాటివల్లే ఈ ముఖం ఆమెది అనిపిస్తోంది.

సాయంత్రం ఫోటోను అద్దంలోలా తిప్పి చూశాను. కుడి భుజం మీద జుట్టు ఎడమకన్నా బరువుగా కనిపించింది, ఏడో పాయను 60 పిక్సెళ్లు లోపలికి జరిపాను. తర్వాత గోరంత చేసి చూశాను. చిన్న బొమ్మలో కూడా తల ఆకారం, ముఖంతో దాని పొందిక సరిగ్గానే ఉన్నాయి. పంపించాను.

ఆరో రోజు

పొద్దున్నే ఫోన్. అమ్మాయికి నచ్చింది, వాళ్ల అమ్మగారికీ నచ్చింది. "కానీ తమ్ముడు ఏదో అంటున్నాడండీ, వాడితో మాట్లాడండి" అని ఫోను ఇచ్చింది.

"అన్నా, అక్క మెడ మీద నీడ చూశారా?" అన్నాడు ఆ అబ్బాయి.

తెరిచి చూశాను. మెడకు కుడి పక్కన, గొలుసుకు కొంచెం పైన, పాత ఉంగరాల నీడ నిక్షేపంగా ఉంది. మూడు వంపులు, చక్కగా లెక్కపెట్టవచ్చు. పైన జుట్టు గీతలా దిగుతోంది, కింద నీడ మెలికలు తిరుగుతోంది. ఐదు రోజులు జుట్టునే చూస్తూ కూర్చున్న నాకు అది కనబడలేదు.

సరిచేయడానికి గంట పట్టింది. మెడ భాగాన్ని కూడా అలాగే రెండు లేయర్లు చేసి, కింది లేయర్‌లో వంపుల మధ్య వెలుగు పడిన చోట్ల పక్కనున్న నీడ రంగును నింపి, నీడ అంచును కొత్త పాయకు సమాంతరంగా తిన్నగా లాగాను. చర్మపు గరుకు పై లేయర్‌లో భద్రంగా ఉంది కాబట్టి రంగు పూసినట్టు లేదు. జుట్టుకు దగ్గరగా నీడ అంచు పదునుగా, దూరం వెళ్లేకొద్దీ మెత్తగా ఉంచాను. చీర మీద కూడా కొత్తగా దిగిన జుట్టు చివర్ల కింద పలచని నీడ ఒకటి వేయాలని అప్పుడే తట్టింది, అదీ వేశాను.

మధ్యాహ్నం రెండింటికి మళ్లీ పంపాను. ఈసారి తమ్ముడి నుంచే జవాబు వచ్చింది. నీడ సరిపోయిందట. పెళ్లి వీడియోలో మాత్రం జుట్టు ఉంగరాలుగానే ఉందని, దాన్ని కూడా చేస్తారా అని అడిగాడు. చేయనని చెప్పాను.